బలం ఎక్కడ పడింది? బరువు ఎక్కడుంది? – ఒక తలుపు, ఒక కుర్చీ

రెండు చేతుల్లో సామాను పట్టుకుని సింహద్వారం దగ్గరికి వచ్చినవాళ్లు తలుపును భుజంతో నెడతారు. భుజం సాధారణంగా తలుపు మధ్యలో ఆనుతుంది. తలుపు కదులుతుంది కానీ మొరాయిస్తూ కదులుతుంది. అదే తలుపును హ్యాండిల్ పక్కన ఒక్క వేలితో నెట్టినా సాఫీగా తెరుచుకుంటుంది. బందుల పక్కన అరచేయి ఆనించి నెడితే మాత్రం పెద్దవాళ్లకు కూడా కష్టమే. తలుపు అదే, మనిషీ అదే. మారిందల్లా బలం పడిన చోటు.

తిప్పే విషయంలో బలం ఒక్కటే లెక్కకు రాదు. తిరిగే ఇరుసు నుంచి ఆ బలం ఎంత దూరంలో పడిందన్నది కూడా కలుస్తుంది. ఈ రెండింటి లబ్ధాన్నే టార్క్ అంటారు. ఇంటర్ పుస్తకాల్లో బలభ్రామకం అని ఉంటుంది. పేరు గంభీరంగా ఉన్నా విషయం తలుపంత మామూలుది.

అంకెల్లో చూద్దాం. ఒక టేకు తలుపు తీసుకుందాం: వెడల్పు 90 సెంటీమీటర్లు, ఎత్తు ఏడడుగులు, మందం అంగుళంన్నర లోపు. ఇలాంటిది సుమారు 40 కిలోలు తూగుతుంది. దాన్ని 20 న్యూటన్ల బలంతో నెడుతున్నాం అనుకుందాం. రెండు కిలోల బియ్యం సంచిని ఎత్తి పట్టుకోవడానికి ఎంత బలం కావాలో దాదాపు అంత. బందుల నుంచి 85 సెంటీమీటర్ల దూరంలో హ్యాండిల్ దగ్గర నెడితే టార్క్ 20 × 0.85, అంటే 17 న్యూటన్-మీటర్లు. బందుల నుంచి 15 సెంటీమీటర్ల దగ్గర నెడితే 20 × 0.15, అంటే 3 మాత్రమే. దాదాపు ఆరో వంతు.

ఇక్కడ లెక్క చెప్పని సంగతి ఒకటి ఇంట్లో కనపడుతుంది. టార్క్ ఆరో వంతుకు పడిపోతే తలుపు కొంచెం నెమ్మదిగా తెరుచుకుంటుందిలే అనుకుంటాం. కానీ బందుల్లో రాపిడి ఉంటుంది. అది కూడా ఒక టార్కే, మనం తిప్పే దిక్కుకు అడ్డంగా పనిచేస్తుంది. తుప్పు పట్టిన బందుల్లో అది 4 న్యూటన్-మీటర్లు ఉందనుకోండి. హ్యాండిల్ దగ్గర నెట్టినప్పుడు 17లో 4 పోయి 13 మిగులుతుంది, తలుపు హాయిగా తిరుగుతుంది. బందుల పక్కన నెట్టినప్పుడు ఉన్నదే 3. రాపిడిని దాటలేదు కాబట్టి తలుపు అసలు కదలదు. "తలుపు బిగుసుకుపోయింది" అని చాలాసార్లు అనుకునేది ఇదే. బిగుసుకుపోయిందా, నెట్టే చోటు తప్పా అన్నది తేల్చుకోవాలంటే చేతిని అంచుకు జరిపి చూస్తే చాలు. అంచున కూడా మొండికేస్తే అప్పుడు కుట్టుమిషన్ నూనె తీయాలి.

బలం పడే కోణం సంగతి కూడా ఒక్క మాటలో చెప్పుకోవాలి. తలుపు పలకకు లంబంగా నెట్టినప్పుడే బలం మొత్తం పనికొస్తుంది. ఏటవాలుగా, పలకతో 30 డిగ్రీల కోణంలో నెడితే సగమే పనికొస్తుంది. అంచును పట్టుకుని నేరుగా బందుల వైపు ఎంత బలంగా తోసినా తలుపు తిరగదు, బందులు మాత్రం కిర్రుమంటాయి.

ఈ లెక్కకు రెండో వైపు కూడా ఉంది, చిన్నపిల్లలున్న ఇంట్లో తెలిసి ఉండాల్సిన వైపు. తలుపు మూసేటప్పుడు బందుల వైపు ద్వారబంధానికీ తలుపుకీ మధ్య సన్నటి సందు మూసుకుంటుంది. బాదంకాయలను ఆ సందులో పెట్టి పగలగొట్టిన బాల్యం ఉన్నవాళ్లకు దాని బలం తెలుసు. అవతల హ్యాండిల్ దగ్గర ఎవరో 20 న్యూటన్లతో మామూలుగా మూస్తున్నారు. టార్క్ 17. సందులో ఇరుక్కున్న వస్తువు ఇరుసుకు 2 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, ఆ 17ను అడ్డుకోవడానికి అది భరించాల్సిన బలం 17 ÷ 0.02, అంటే 850 న్యూటన్లు. దగ్గరదగ్గర 87 కిలోల మనిషి దాని మీద నిలబడ్డట్టు. తలుపు మూసే మనిషి చేతికి రెండు కిలోల బరువే తెలుస్తుంది, అవతల ఏం నలుగుతోందో తెలియదు. విసురుగా మూసిన తలుపైతే దాని ఊపు కూడా కలిసి ఇంతకంటే ఎక్కువే పడుతుంది. హ్యాండిల్ వైపు అంచులో వేలు పడితే దెబ్బ తగులుతుంది. బందుల వైపు పడితే ఎముకకే ముప్పు.

ఇంతవరకూ నెట్టే చేతి కథ. ఇప్పుడు తలుపు కథ.

40 కిలోల బియ్యం బస్తాను కదపడం కష్టమంటే కారణం దాని ద్రవ్యరాశి అంటాం. తిరిగే వస్తువుకు ద్రవ్యరాశి ఒక్కటి చెబితే సరిపోదు. ఆ ద్రవ్యరాశి ఇరుసుకు దగ్గరగా ఉందా, దూరంగా ఉందా అని కూడా చెప్పాలి. ఈ రెండూ కలిపి చెప్పే అంకె జడత్వ భ్రామకం. తిప్పబోతే వస్తువు ఎంత మొండికేస్తుందో, తిరుగుతున్నదాన్ని ఆపబోతే ఎంత మొండికేస్తుందో చెప్పే కొలత. ఒక్కో ముక్క ద్రవ్యరాశిని ఇరుసు నుంచి దాని దూరం వర్గంతో గుణించి అన్నీ కూడితే అది వస్తుంది:

I = Σ m r²

టార్క్‌లో దూరం ఒక్కసారే వచ్చింది. ఇక్కడ వర్గమై రెండుసార్లు వచ్చింది. పాఠంలో ఈ తేడాను చూపించి సూత్రం రాసుకోమని వదిలేయడమే ఎక్కువ. కారణం మాత్రం తలుపులోనే ఉంది.

తలుపులో ఒక కిలో చెక్కముక్కను ఊహించుకుందాం. అది బందుల నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంది. ఇంకో కిలో ముక్క 60 సెంటీమీటర్ల దూరంలో ఉంది. తలుపు ఒకటే కాబట్టి రెండూ కలిసే తిరగాలి, ఒకే సమయంలో ఒకే కోణం తిరగాలి. కానీ దూరంగా ఉన్న ముక్క గీసే వంపు రెండింతలు పొడవు. అంటే అది రెండింతల వేగం అందుకోవాలి, అందుకు రెండింతల బలం కావాలి. ఇది మొదటి దూరం. ఇక ఆ రెండింతల బలం పడాల్సింది రెండింతల దూరంలో. ఇరుసు లెక్కలో దాని టార్క్ రెండింతల బలం, రెండింతల దూరం కలిసి నాలుగింతలు. ఇది రెండో దూరం. ఒక దూరం వేగం వల్ల వచ్చింది, ఇంకోటి మీట వల్ల వచ్చింది. వర్గం అంటే ఇంతే.

తలుపు మొత్తానికి ఇలా కూడితే I = M w²/3 వస్తుంది. M అంటే తలుపు ద్రవ్యరాశి, w అంటే వెడల్పు. మూడో వంతు ఎందుకంటే చెక్క అంతా అంచునే లేదు, బందుల నుంచి అంచు దాకా పరుచుకుని ఉంది. మన టేకు తలుపుకు 40 × 0.81 ÷ 3, అంటే 10.8 కిలోగ్రామ్-చదరపు మీటర్లు. ఇందులో ఎత్తు ఎక్కడా కనపడదని గమనించండి. తలుపు పొడుగైతే బరువు పెరుగుతుంది, ఆ మేరకే ప్రభావం. వెడల్పు పెరిగితే బరువూ పెరుగుతుంది, దూరమూ పెరుగుతుంది.

ఇప్పుడు టార్క్‌ను జడత్వ భ్రామకంతో భాగిస్తే తలుపు ఎంత త్వరగా ఊపందుకుంటుందో, అంటే కోణీయ త్వరణం ఎంతో తెలుస్తుంది. బందులకు నూనె వేశాక రాపిడి 2 న్యూటన్-మీటర్లకు తగ్గిందనుకుందాం. హ్యాండిల్ దగ్గర అదే 20 న్యూటన్లతో ఆపకుండా నెడితే మిగిలే టార్క్ 15, త్వరణం 1.39. మూసిన తలుపు 90 డిగ్రీలు తెరుచుకోవడానికి పట్టే సమయం సుమారు ఒకటిన్నర సెకను. బందుల పక్కన అంతే బలంతో నెడితే 3లో 2 రాపిడికే పోయి మిగిలేది 1. అప్పుడు పట్టేది 5.8 సెకన్లు. మనకు "బరువుగా ఉంది" అనిపించే తలుపుకు నిజంగా ఉన్న బరువు 40 కిలోలే, రెండుసార్లూ అంతే.

పాత ఇళ్లలో రెండు రెక్కల తలుపులు ఉంటాయి. అదే వాకిలి, అదే చెక్క, మధ్యకు చీల్చి రెండు వైపులా బందులు వేసినట్టు. ఒక్కో రెక్క 20 కిలోలు, 45 సెంటీమీటర్లు. ఒక రెక్క జడత్వ భ్రామకం 20 × 0.2025 ÷ 3, అంటే 1.35. ఏకరెక్క తలుపులో ఎనిమిదో వంతు! బరువు సగమవడంతో ఒక సగం, వెడల్పు సగమవడంతో దాని వర్గం నాలుగో వంతు. బందుల మీద పడే భారంలోనూ ఇదే మేలు. ఒంటి రెక్క తన బరువుతో పైబందును బయటికి లాగుతూ కిందికి వాలాలని చూస్తుంది. ఆ వాల్చే టార్క్ 40 కిలోల తలుపుకు 176 న్యూటన్-మీటర్లు, చీల్చిన ఒక్కో రెక్కకు 44. వెడల్పాటి ఒంటి తలుపులు కొన్నేళ్లకు అంచున గడపకు రాసుకోవడం, పైబందు స్క్రూలు వదులవడం చూస్తూనే ఉంటాం. రెండు రెక్కలంటే పాత అలవాటు, అందం అని చాలామంది అనుకుంటారు కానీ ఈ లెక్కలో చూస్తే అది మంచి ఇంజనీరింగ్.

తలుపుకు ఒక పరిమితి ఉంది. దాని చెక్క ఎక్కడికీ జరగదు, 10.8 ఎప్పుడూ 10.8 గానే ఉంటుంది. తిరుగుతూ ఉండగానే జడత్వ భ్రామకం మారితే ఏమవుతుందో చూడాలంటే ఆఫీసుల్లో వాడే తిరిగే కుర్చీ కావాలి.

ఏర్పాటు సులువే. కుర్చీ చక్రాలు జరిగిపోకుండా అడ్డు పెట్టాలి. కూర్చున్నవాళ్లు వెన్ను నిటారుగా, సరిగ్గా మధ్యలో ఉండాలి. ఒక పక్కకు ఒరిగితే కుర్చీ ఊగిపోతుంది. పాదాలు పైకెత్తాలి. చెరో చేతిలో నిండుగా నీళ్లున్న రెండు లీటర్ల సీసా. చేతులు బార్లా చాపాక ఇంకొకరు నెమ్మదిగా తిప్పి వదలాలి, రెండు సెకన్లకు ఒక చుట్టు చాలు. ఇప్పుడు సీసాలను ఒక్కసారి గుండెలకు హత్తుకుంటే కుర్చీ గిర్రున అందుకుంటుంది. మళ్లీ చాపితే నెమ్మదిస్తుంది. ఎవరూ తాకలేదు, నేలను తన్నలేదు.

అంకెలు కావాలంటే సుమారుగా వేసుకోవచ్చు. రెండు కిలోల సీసాలు రెండు, ఇరుసుకు 80 సెంటీమీటర్ల దూరంలో ఉంటే వాటి జడత్వ భ్రామకం 4 × 0.64, అంటే 2.56. ఛాతీ దగ్గర 20 సెంటీమీటర్లకు వస్తే 4 × 0.04, అంటే 0.16. దూరం నాలుగో వంతైతే ఇది పదహారో వంతయింది. చాపిన చేతులతో సహా మనిషి, కుర్చీ కలిపి ఓ 3 అనుకుందాం, చేతులు ముడిస్తే 1.8. మొత్తం మీద చాపినప్పుడు 5.6, ముడిచినప్పుడు దాదాపు 2. నాలుగు కిలోల నీళ్లు అటూ ఇటూ జరిగినందుకు, చేతులు ముడిచినందుకు, మొండితనం మూడో వంతు దాకా దిగింది.

బయటి నుంచి టార్క్ లేనప్పుడు మారకుండా ఉండేది జడత్వ భ్రామకాన్ని కోణీయ వేగంతో గుణిస్తే వచ్చేది, అంటే కోణీయ ద్రవ్యవేగం. 5.6 కాస్తా 2 అయితే వేగం 2.8 రెట్లు పెరగాలి. రెండు సెకన్లకు ఒక చుట్టు తిరుగుతున్న కుర్చీ ఇప్పుడు రెండు సెకన్లకు మూడు చుట్లకు కాస్త తక్కువగా తిరుగుతుంది.

సూత్రం ఇంతటితో అయిపోతుంది గానీ, ఒక చిక్కు మిగిలే ఉంది. సీసాలను లోపలికి లాగిన బలం నేరుగా ఇరుసు వైపే ఉంది. తలుపు అంచును బందుల వైపు తోసినట్టే కదా, దానికి టార్క్ లేదు. మరి వేగం పెంచింది ఎవరు? జవాబు సీసాలోనే ఉంది. చాపిన చేతిలో ఉన్నప్పుడు సీసా సెకనుకు రెండున్నర మీటర్ల వేగంతో పక్కకు దూసుకుపోతోంది. ఛాతీ దగ్గర, అదే తిరుగుడుతో వెళ్లాలంటే దానికి సెకనుకు 63 సెంటీమీటర్లు చాలు. లోపలికి వచ్చిన సీసా చేతిలో అవసరానికి మించిన వేగం ఉంది. ఆ మిగులుతో అది చేతిని, చేతి ద్వారా ఒంటిని, ఒంటి ద్వారా కుర్చీని ముందుకు తోస్తుంది. కుర్చీలో కూర్చున్నవాళ్లకు ఇది స్పష్టంగా తెలుస్తుంది. సీసాను గుండెకు లాగుతుంటే అది తిన్నగా రాదు, తిరిగే దిక్కుకు పక్కకు జరగాలని చూస్తుంది. ఆ పక్కతోపే కుర్చీకి ఊపు.

ఇక్కడ పరీక్షల్లో పడే తప్పు ఒకటుంది. శక్తి నిత్యత్వం అన్న మాట గుర్తుకొచ్చి, తిరిగే శక్తి, అంటే ½ I ω², మారదని రాసేస్తారు. ఇందులో ω అంటే కోణీయ వేగం. అలా వేస్తే వేగం 2.8 రెట్లు కాక 1.67 రెట్లే వస్తుంది. నిజానికి ఇక్కడ తిరిగే శక్తి మారుతుంది. చేతులు చాపినప్పుడు దాదాపు 28 జౌళ్లు, ముడిచాక 77 జౌళ్లు. తేడాగా వచ్చిన 50 జౌళ్లు కండరాలు చేసిన పని. తిరుగుతున్న సీసా బయటికే లాగుతుంటుంది, దాన్ని లోపలికి తెచ్చేకొద్దీ ఆ లాగుడు పెరుగుతుంది. మొదట్లో ఒక్కో సీసాకు 16 న్యూటన్లు, ఛాతీ దగ్గరికి వచ్చేసరికి 31. నిలబడి ఉన్న కుర్చీలో చేతులు ముడవడానికీ తిరుగుతున్న కుర్చీలో ముడవడానికీ ఉన్న తేడా భుజాలకు తెలుస్తుంది.

ఇదంతా అర్థమైందో లేదో తేల్చే ప్రశ్న ఒకటుంది. చేతులు చాపి తిరుగుతూ, సీసాలను లాక్కోకుండా ఒక్కసారిగా వదిలేస్తే కుర్చీ వేగం ఏమవుతుంది? జడత్వ భ్రామకం 5.6 నుంచి 3కు పడింది కాబట్టి వేగం పెరుగుతుందని చాలామంది చెబుతారు. పెరగదు. సీసాలు వెళ్తూ వెళ్తూ తమ వంతు కోణీయ ద్రవ్యవేగాన్ని తమతోనే పట్టుకుపోతాయి. కుర్చీకి ఇచ్చేదీ లేదు, కుర్చీ నుంచి లాక్కునేదీ లేదు. సీసాలు తిన్నగా ఎగిరి పక్కన పడతాయి, కుర్చీ ఎప్పటిలాగే తిరుగుతుంది. లోపలికి లాగినప్పుడు సీసా తన మిగులును మనకు అప్పగించి వస్తుంది. వదిలేసినప్పుడు అప్పగించదు. అంకె తగ్గినంత మాత్రాన వేగం పెరగదు, ఆ తగ్గుదల ఎలా జరిగిందన్నది చూడాలి. చేసి చూడాలనుకుంటే నీళ్ల సీసాల బదులు దిండ్లు వాడితే ఇంటికి క్షేమం, తేడా అంత కొట్టొచ్చినట్టు కనపడకపోయినా.

చివరికి కుర్చీ ఆగిపోతుంది. కారణం తలుపు బందుల్లో ఉన్నదే, బేరింగ్‌లో రాపిడి. చేతులు చాపి వదిలిన కుర్చీ 20 సెకన్లలో ఆగిందనుకుందాం. రెండు సెకన్లకు ఒక చుట్టు అంటే కోణీయ వేగం సెకనుకు 3.14 రేడియన్లు. కోణీయ ద్రవ్యవేగం 5.6 × 3.14, అంటే 17.6. దాన్ని 20తో భాగిస్తే రాపిడి టార్క్ 0.88 న్యూటన్-మీటర్లు. బేరింగ్‌ను విప్పకుండానే గడియారంతో కొలిచేశాం. ఇప్పుడు చేతులు ముడుచుకుని, మొదటి నుంచీ అదే రెండు సెకన్ల చుట్టుతో వదిలితే కుర్చీ ఏడు సెకన్లకే ఆగుతుంది. మొండితనం తక్కువ ఉన్నది తేలిగ్గా తిరుగుతుంది, తేలిగ్గానే ఆగుతుంది.

మూడో ప్రయత్నం అన్నిటికన్నా సరదాగా ఉంటుంది. చేతులు చాపి బయలుదేరి, వెంటనే ముడిచి గిర్రున తిరిగితే ఎంతసేపట్లో ఆగుతుంది? వేగం దాదాపు మూడింతలైంది కాబట్టి ఎక్కువసేపు తిరుగుతుందనీ, జడత్వం తగ్గింది కాబట్టి త్వరగా ఆగుతుందనీ రెండు రకాలుగానూ వాదించవచ్చు. రాపిడి అరగదీసేది కోణీయ ద్రవ్యవేగాన్ని. చేతులు ముడిచినా అది 17.6 గానే ఉంది. రాపిడి వేగంతో పెద్దగా మారదనుకుంటే కుర్చీ మళ్లీ అదే 20 సెకన్లకు ఆగుతుంది. కాకపోతే చాపిన చేతులతో ఆ 20 సెకన్లలో 5 చుట్లు తిరిగితే, ముడిచిన చేతులతో 14 చుట్లు తిరుగుతుంది. దిగాక ఒక నిమిషం కూర్చునే ఉండి లేవడం మంచిది.